పొడవాటి పెట్టె: జారుతుందా, ఒరుగుతుందా?

హోసూరు దగ్గరి ఒక తెలుగు బడికి కిందటేడు పుస్తకాల కోసం ఇనుప బీరువా వచ్చింది. ఆ రోజు మేమూ అక్కడే ఉన్నాం. టెంపో అడుగు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. దించడానికి ఎనిమిది అడుగుల చెక్క పలకలు రెండు పక్కపక్కన వాలుగా వేశారు. బీరువాను నిలబెట్టే పలకల మీదికి తెచ్చారు. తలుపులు కిందివైపు ఉన్నాయి. మెల్లగా జారుతుంది, పైనుంచి పట్టుకుంటే సరిపోతుందని అక్కడున్న పెద్దలందరం అనుకున్నాం.

అది అంగుళం కూడా జారలేదు. పూర్తిగా వాలు మీదికి వచ్చీ రాగానే పైభాగం ముందుకు వంగింది. "అన్నా, పక్కకి రా!" అని టెంపో మీదున్న కుర్రాడు అరిచాడు. కింద నిలబడినాయన ఒక్క అడుగు పక్కకు వేశాడో లేదో బీరువా ఆయన నిలబడిన చోటే బోర్లా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తలుపు సొట్ట పోయింది, తాళం నేటికీ సరిగ్గా పడదు.

"బరువెక్కువ గదా, అందుకే పడింది" అన్నారు ఒకరు. "పలక నున్నగా ఉంది" అన్నారు ఇంకొకరు. రెండూ తప్పే. నున్నగా ఉండి ఉంటే అది జారేది, పడేది కాదు. బరువుకైతే ఈ విషయంలో అసలు పాత్రే లేదు. మర్నాడు ఆ బడి సైన్సు మాస్టారు తొమ్మిదో తరగతి పిల్లలతో దీన్ని తేల్చారు. వాళ్లు చేసిన పనిని మేము చూసినంత వరకు ఇక్కడ రాస్తున్నాం. కావలసినవి ఒక పలక, ఒక చెక్క దిమ్మ, కొలత టేపు మాత్రమే.

రెండు కోణాలు, ఒక పోటీ

వాలు మీద పెట్టిన పెట్టెకు రెండు గతులున్నాయి. ఒకటి, పట్టు తప్పి జారడం. రెండోది, కిందివైపు అంచును ఆసరా చేసుకుని ఒరిగిపోవడం. వాలును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఈ రెంటిలో ఏ కోణం ముందు వస్తే పెట్టె ఆ పని చేస్తుంది. జారే కోణం 22 డిగ్రీలు, ఒరిగే కోణం 14 డిగ్రీలు అయిన పెట్టె ఎన్నటికీ జారదు. ఆ అవకాశం రాకముందే పడిపోతుంది.

జారే కోణాన్ని నిర్ణయించేది ఒకదానికొకటి తగిలే రెండు తలాలు. చెక్క మీద చెక్కా, సన్‌మైకా మీద చెక్కా, పొడిగా ఉందా, పౌడరు చల్లారా అన్నదే ముఖ్యం. పెట్టె పొడవూ ఆకారమూ అక్కర్లేదు. ఒరిగే కోణం దీనికి పూర్తిగా వ్యతిరేకం. తలం గరుకుదనంతో దానికి పని లేదు. పెట్టె అడుగు ఎంత వెడల్పు, దాని గరిమనాభి ఎంత ఎత్తులో ఉంది అన్న రెండే చాలు. గరిమనాభినే కొన్ని పుస్తకాల్లో గురుత్వ కేంద్రం అంటారు. పెట్టె బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కకు తీసుకునే బిందువు అది. అంతటా ఒకే తీరుగా ఉన్న దిమ్మకు అది సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది.

దారం చెప్పిన సంగతి

మాస్టారు వడ్రంగి చేత 5, 10, 20 సెంటీమీటర్ల కొలతలతో ఒక చెక్క దిమ్మ కోయించారు. దాని పక్క ముఖానికి సరిగ్గా మధ్యలో గుండుసూది గుచ్చి, దారం కట్టి, చివర ఒక నట్టు వేలాడదీశారు. గోడ నిలువు చూడటానికి మేస్త్రి వాడే గుండు లాంటిదే ఇది.

దిమ్మను మీటరు పొడవు పలక మీద నిలబెట్టారు. 20 సెంటీమీటర్ల వైపు నిలువుగా, 5 సెంటీమీటర్ల వైపు వాలు వెంబడి ఉంది. పలక నేలకు సమంగా ఉన్నప్పుడు దారం అడుగు మధ్యకు తగిలింది. పలక ఒక చివర ఎత్తుతూ పోతే దారం తగిలే చోటు కిందివైపు అంచుకు జరుగుతూ వచ్చింది. దారం ఎప్పటిలా నిలువుగానే ఉంది, దిమ్మే వంగుతోంది. దారం ఆ అంచు మూలను తాకింది. పలకను ఇంకాస్త ఎత్తగానే దిమ్మ పడిపోయింది.

ఎందుకిలా జరిగింది? బరువు గరిమనాభి గుండా నిలువుగా కిందికి లాగుతుంది. ఆ గీత అడుగు లోపల పడినంతసేపు పలక దాన్ని కింది నుంచి మోయగలదు. గీత అంచు దాటితే మోయడానికి అక్కడ పలకను తాకుతున్న అడుగే లేదు. ఆపైన అదే బరువు దిమ్మను అంచు చుట్టూ తిప్పి పడేస్తుంది.

పిల్లలు పరీక్షల్లో తరచుగా తప్పేది ఇక్కడే. వాలుతలం పాఠంలో పెట్టెను చుక్కలా భావించి, పలక పైకి తోసే అభిలంబ బలాన్ని పెట్టె మధ్య నుంచి గీస్తారు. జారడం ఒక్కటే లెక్క వేసేటప్పుడు అది చెల్లుతుంది. నిజానికి వాలు పెరిగే కొద్దీ ఆ బలం పనిచేసే చోటు దారంతోపాటే కింది అంచు వైపు జరుగుతుంది. పడబోయే క్షణంలో అదంతా ఆ అంచు మీదే ఉంటుంది, పైవైపు అంచు పలకను ఊరికే తాకుతూ ఉంటుంది. అప్పుడు ఆ పైఅంచు కిందికి సన్నని కాగితం ముక్కను దూర్చి చూశారు. అది సులువుగా లోపలికి పోయింది. అలా పోతే పతనం దగ్గరపడిందన్నమాట.

కోణమానిని లేకుండా కొలత

ఒరిగే చోటు లెక్క చాలా తేలిక. దారం మూలను తాకేటప్పుడు రెండు చిన్న పొడవులు చూడాలి. అడుగులో సగం 2.5 సెంటీమీటర్లు. పలక నుంచి గరిమనాభి ఎత్తు 10 సెంటీమీటర్లు. 2.5ను 10తో భాగిస్తే 0.25. ఈ దిమ్మ ఒరిగే సంఖ్య ఇదే. ఒకే తీరు దిమ్మకైతే సగాలు తీసుకోనక్కర్లేదు, అడుగు వెడల్పును మొత్తం ఎత్తుతో భాగించినా అదే వస్తుంది: 5ను 20తో భాగిస్తే 0.25.

పలక వాలును కూడా ఇలాగే సంఖ్యగా చెప్పవచ్చు. ఎత్తిన చివర నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. ఆ చివరకు సరిగ్గా కింద నేల మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి పలక రెండో చివర దాకా నేల మీద కొలవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే వాలు. పదో తరగతి పిల్లలు దీన్ని కోణం టాంజెంట్ అని గుర్తుపడతారు. చిన్న తరగతులవారికి భాగహారం వస్తే చాలు. వాలు 0.25 అంటే సుమారు 14 డిగ్రీలు.

జారే చోటుకూ ఇదే కొలత. దిమ్మను పడుకోబెడితే అది ఒరగలేదు కాబట్టి, పలకను ఎత్తుతూ పోతే జారడం మొదలయ్యే వాలు స్పష్టంగా తెలుస్తుంది. ఆ వాలు సంఖ్యనే స్థైతిక ఘర్షణ గుణకం అంటారు. అక్కడ పలక చివర 37.5 సెంటీమీటర్లు లేచింది, నేల మీద కొలత 92.7 సెంటీమీటర్లు. భాగిస్తే 0.40, అంటే సుమారు 22 డిగ్రీలు.

ఇక నియమం ఒక్క వాక్యం: అడుగు వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చేది ఘర్షణ గుణకం కన్నా తక్కువైతే పెట్టె ఒరుగుతుంది, ఎక్కువైతే జారుతుంది.

ఒక దిమ్మ, మూడు ఫలితాలు

ఇప్పుడు పిల్లల్ని ముందే ఊహించి చెప్పమన్నారు. మొదట 5 సెంటీమీటర్ల వైపు వాలు వెంబడి పెట్టి నిలబెట్టారు. ఒరిగే సంఖ్య 0.25, జారే సంఖ్య 0.40. ఒరుగుతుందన్నారు, ఒరిగింది.

తర్వాత అదే దిమ్మను నిలబెట్టే ఉంచి పావు చుట్టు తిప్పారు. ఇప్పుడు 10 సెంటీమీటర్ల వైపు వాలు వెంబడి వచ్చింది. ఎత్తు మారలేదు, బరువు మారలేదు, పలక మారలేదు. 10ని 20తో భాగిస్తే 0.50. ఇది 0.40 కన్నా ఎక్కువ కాబట్టి జారాలి. 22 డిగ్రీల దగ్గర నిలువుగా నిలబడే కిందికి జారిపోయింది. క్లాసులో చప్పట్లు ఇక్కడ పడ్డాయి.

మూడోసారి మొదటి తీరులోనే నిలబెట్టి, పలకకు బదులు సన్‌మైకా అంటించిన బల్లచెక్క తెచ్చి, క్యారమ్ పౌడరు చల్లారు. పడుకోబెట్టిన దిమ్మ అక్కడ 0.20 వాలుకే జారింది. నిలబెట్టినదీ ఒరగకుండా అక్కడే జారింది. 5 సెంటీమీటర్ల అడుగు మీద నిలబడి ఇంతకుముందు పడిన దిమ్మను ఈసారి నున్నదనమే కాపాడింది.

ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది: "సార్, జారేటప్పుడు పలకను ఇంకా ఎత్తితే ఒరగదా?" ఒరగదు. జారుతున్న పెట్టెను ముందుకు తిప్పాలని చూసేది అడుగున పనిచేసే ఘర్షణ. దాన్ని నిలబెట్టేది పలక పైకి తోసే బలం. వాలు పెరిగితే రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. పైగా కదులుతున్నప్పటి ఘర్షణ మామూలుగా నిశ్చలంగా ఉన్నప్పటి కన్నా తక్కువే. కాబట్టి నెమ్మదిగా జారడం మొదలుపెట్టిన పెట్టె, దారిలో దేనికీ తగలకపోతే నిలబడే కిందికి చేరుతుంది.

లెక్కకూ కొలతకూ తేడా వస్తే

నిజానికి మొదటి ప్రయోగంలో దిమ్మ 0.25 దగ్గర పడలేదు. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ 0.24 దగ్గరే పడింది. కొలత తప్పని పిల్లలు అనుకున్నారు. మాస్టారు దిమ్మ అంచు మీద వేలితో రాయించారు. గరుకుకాగితంతో రుద్దినందువల్ల అంచు ఒక మిల్లీమీటరు మేర గుండ్రమైంది. దిమ్మ నిజంగా ఆనేది మూల మీద కాదు, దానికి ఒక మిల్లీమీటరు లోపల. 2.5 కాదు, 2.4 సెంటీమీటర్లు. 2.4ను 10తో భాగిస్తే 0.24. లెక్క సరిగ్గానే ఉంది, అడుగును కొలిచిన చోటే తప్పు.

ఇంటి సామానులో ఈ తేడా చిన్నది కాదు. కాళ్లున్న బీరువాకు, ఫ్రిజ్‌కు అడుగు అంటే పెట్టె వెడల్పు కాదు, కాళ్ల మధ్య దూరం. కాళ్లు లోపలికి ఉంటే ఒరిగే సంఖ్య ఆ మేరకు పడిపోతుంది.

ఇంకో సంగతి. రెండు సంఖ్యలు బాగా దగ్గరగా ఉంటే, 0.38, 0.40 లాగ, పెట్టె ఒకసారి జారి, ఒకసారి ఒరుగుతుంది. ఒకే పలక మీద కూడా ఘర్షణ చోటుచోటుకూ, తేమను బట్టీ మారుతుంది. అలాంటప్పుడు ప్రయోగం చెడిందని అనుకోవద్దు. పోటీ సమానంగా ఉందని రాసుకోమనాలి.

బరువు కాదు, బరువు ఉన్న చోటు

"బరువైనది ముందు పడుతుంది" అన్న మాట పిల్లల్లో గట్టిగా నాటుకుని ఉంది. అదే కొలతలతో తుమ్మచెక్క దిమ్మ ఒకటి, తేలికపాటి మామిడిచెక్క దిమ్మ ఒకటి పక్కపక్కన నిలబెట్టారు. రెండూ ఇంచుమించు ఒకే వాలుకు పడ్డాయి. ఎందుకంటే బరువు రెట్టింపైతే పడదోసే లాగుడూ రెట్టింపవుతుంది, వెనక్కి నిలబెట్టే లాగుడూ రెట్టింపవుతుంది. లెక్కలో బరువు రెండువైపులా ఉండి కొట్టుకుపోతుంది.

కాని బరువు ఏ ఎత్తులో ఉంది అన్నది కొట్టుకుపోదు. 10 సెంటీమీటర్ల చదరపు అడుగు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అట్టపెట్టె తీసుకుని అడుగున ఒక రాయి పెట్టి, కదలకుండా కాగితాలు కుక్కారు. గరిమనాభి ఎక్కడుందో తెలుసుకోవడానికి పెట్టెను పడుకోబెట్టి పెన్సిలు మీద తూచారు. అడుగు నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర తూగింది. అడుగులో సగం 5ను 8తో భాగిస్తే 0.625, అంటే సుమారు 32 డిగ్రీలు. అదే పెట్టెను తలకిందులు చేస్తే గరిమనాభి 22 సెంటీమీటర్ల ఎత్తుకు పోతుంది. 5ను 22తో భాగిస్తే 0.227, అంటే 13 డిగ్రీల లోపే. అదే పెట్టె, అదే రాయి. జారకుండా కింద గరుకుకాగితం వేసి చూస్తే తలకిందుల పెట్టె ముందుగా పడిపోవడం కళ్లారా కనిపిస్తుంది.

మళ్లీ బీరువా దగ్గరికి

ఇప్పుడు పిల్లలు బీరువాను కొలిచారు. ఎత్తు 198 సెంటీమీటర్లు, వెడల్పు 91, లోతు 48. ఆ రోజు లోతు వైపే వాలు వెంబడి ఉంది. 48ని 198తో భాగిస్తే 0.24. అంటే 14 డిగ్రీల కన్నా తక్కువ వాలుకే అది పడాలి.

పలకల పొడవు 240 సెంటీమీటర్లు, ఎత్తు 75. నేల మీద దూరం 228 సెంటీమీటర్లు వస్తుంది. 75ను 228తో భాగిస్తే 0.33, అంటే 18 డిగ్రీలు. బీరువా ఓర్చుకోగల వాలు 0.24, మేము పెట్టినది 0.33. అది పడటం ప్రమాదవశాత్తు కాదు, పడక తప్పదు. జారకుండా ఒరిగిందంటే ఆ పలక మీద దాని ఘర్షణ గుణకం 0.24కు తక్కువ కాదని కూడా తెలుస్తుంది.

అయితే ఎలా దించాలి? పొడవు పలక వేస్తే సరిపోతుందని కొందరు పిల్లలు అన్నారు. వాలును బీరువా ఓర్పులో సగానికి, అంటే 0.12కు తేవాలంటే నేల మీద 6 మీటర్లకు పైగా కావాలి. అంత పలక ఎక్కడ దొరుకుతుంది? వెడల్పు వైపు వాలు వెంబడి తిప్పి నిలబెడితే 91ని 198తో భాగించి 0.46 వస్తుంది. 0.33 వాలుకు అది పడదు. కాని మధ్య తేడా ఆరు డిగ్రీలే. ఒక కుదుపు, పైభాగంలో ఒక తోపు, దారిలో మేకు తల తగలడం, ఇవేవైనా ఆ ఆరు డిగ్రీల్నీ తినేస్తాయి. మన లెక్క నెమ్మదిగా ఎత్తే వాలుకే వర్తిస్తుంది, కుదుపులకు కాదు.

చివరికి అందరూ ఒప్పుకున్నది పడుకోబెట్టి దించడం. వీపు మీద పడుకోబెడితే ఎత్తు 48, వాలు వెంబడి పొడవు 198. సంఖ్య నాలుగు దాటుతుంది. ఏ పలక మీదా అది ఒరగదు. అయితే ఒరగని పెట్టెకు మిగిలిన గతి జారడమే. కాబట్టి తాడు కట్టి పైనుంచి పట్టుకోవాలి. తలుపులకు తాళం వేయాలి, అరలు ఖాళీ చేయాలి. తలుపు తెరుచుకున్నా, పుస్తకాలు ఒకవైపు జరిగినా గరిమనాభి వాటితో పాటే జరుగుతుంది, లెక్క మారిపోతుంది. నిలబెట్టి నెట్టక తప్పనప్పుడు చేతులు కిందిభాగంలో వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, పలకకు కిందివైపు ఎవరూ నిలబడకూడదు. ఒరిగే పెట్టె పడేది అటే.

బడిలో ఈ ప్రయోగం చేసే ఉపాధ్యాయులకు ఒక మాట. పలకను చేత్తో కాక కింద పుస్తకాలు ఒక్కొక్కటే దూరుస్తూ ఎత్తించండి. చేతి వణుకుకే పొడవాటి దిమ్మ పడిపోయి 0.20 లాంటి తప్పు సంఖ్య వస్తుంది. దిమ్మ పడే చోట గోనెసంచి పరవండి. ఫలితం చూపించే ముందు ప్రతి బిడ్డ చేతా "జారుతుంది" అనో, "ఒరుగుతుంది" అనో కాగితం మీద రాయించండి.

ఆ బడిలో ఈ ఏడు రెండో బీరువా వచ్చింది. ఈసారి టెంపో ఆగగానే టేపు పట్టుకుని ముందుకొచ్చింది పదో తరగతికి వెళ్లిన ఆ పిల్లలే. కొలిచి, భాగించి, "అన్నా, పడుకోబెట్టండి" అన్నారు. తాడు కట్టి దించారు. ఈ బీరువా తాళం బాగానే పడుతోంది.